చాట్ తెలుగును రాత తెలుగుగా దిద్దడం: ఏ ఇంగ్లీషు మాట ఉండాలి, ఏది పోవాలి
(నల్లజర్లలో ఇచ్చిన స్మారకోపన్యాసం)

నల్లజర్ల మెట్ట ప్రాంతం. ఇక్కడ పొగాకు, పామాయిల్, కోకో. తాడేపల్లిగూడెం వైపు దిగితే వరి పండే డెల్టా. ఏలూరు దాటి కిందికి పోతే కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఈ మూడు నేలల్లోనూ పంట గురించి మనుషులు ఒకరికొకరు చెప్పుకునేది ఇప్పుడు చాలావరకు ఫోన్ తెర మీదే జరుగుతోంది. అది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు, ఒక్కోసారి ఇంగ్లీషు వాక్యమే. అడిగినవాడికీ చెప్పినవాడికీ విషయం ముందే తెలుసు కాబట్టి ఆ రాత వాళ్లిద్దరికీ సరిపోతుంది. దాని జోలికి ఎవరూ పోనక్కర్లేదు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మంచి సలహా అని ఆ నాలుగు సందేశాలనూ ఏరి, ఒక కరపత్రంగానో, చెరువు గట్టు మీది షెడ్డులో అంటించే కాగితంగానో, పత్రికలో రైతుల పేజీకి వ్యాసంగానో మార్చాలనుకుంటాం. అప్పుడు చదివే మనిషి మారిపోతాడు. కాపలా ఉండే కుర్రాడికి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. మేత చల్లే మనిషికి ఆ సందేశం వెనకటి కథ తెలియదు. అలాంటి పాఠకుడి కోసం చాట్ రాతను నిలకడైన తెలుగు రాతగా దిద్దేటప్పుడు ఇంగ్లీషు మాటల్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదే ఈ ఉపన్యాసం.

దీనికి సాధారణంగా వినిపించే జవాబులు రెండు. తెలుగు మాట ఉంటే ఇంగ్లీషు మాట వద్దు, లేకపోతే కొత్తగా పుట్టించాలి అన్నది ఒకటి. జనం అనే మాటలే రాయాలి కాబట్టి ఏదీ ముట్టుకోవద్దు అన్నది రెండోది. రెండూ మాటను విడిగా తీసి బల్ల మీద పెట్టి తూకం వేస్తున్నాయి. నా వాదన వేరు. ఒక ఇంగ్లీషు మాట ఉండాలా పోవాలా అన్నది ఆ మాటను బట్టి కాదు, వాక్యంలో అది చేసే పనిని బట్టి తేలుతుంది. కొనే వస్తువుకు, కొలిచే కొలతకు, సంచీ మీద అచ్చయిన సరుకుకు, చీటీ మీద వచ్చే ఫలితానికి అది పేరుగా నిలబడితే ఉంచాలి. వాక్యాన్ని నడిపే క్రియగానో, రెండు వాక్యాలను అతికే మాటగానో, వేళనూ తీరునూ చెప్పే మాటగానో వస్తే తెలుగు చెయ్యాలి. పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చినా తెలుగు వాక్యం తెలుగుగానే ఉంటుంది. కీళ్లు మారితే ఉండదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సూత్రమేమీ కాదు. తెలుగు ఇదివరకు ఒకసారి ఈ పని చేసి చూపించింది. మచిలీపట్నంలోనూ రాజమండ్రిలోనూ కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ తన పెద్ద తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుతో పాటు మరో రెండు పుస్తకాలు వెయ్యాల్సి వచ్చింది. కచేరీ కాగితాల్లో తిరిగే మాటల కోసం 1852లో జిల్లా నిఘంటువు అచ్చువేశాడు, అదీ రోమన్ అక్షరాల్లో. తెలుగులో కలిసిన అన్యదేశ్యాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. ఆనాటి కచేరీ రాత అంతగా కలగాపులగంగా ఉండేదన్నమాట. ఆ కలగాపులగంలోంచి ఈనాటికి మనకు మిగిలినవేమిటి? రైతు, జిల్లా, కౌలు, రసీదు, ఖరీదు, జమ, ఖర్చు, తహసీల్దారు. దాదాపు అన్నీ పేర్లే. పారశీకం నుంచి, అరబ్బీ నుంచి మనం ‘అయితే’ను తెచ్చుకోలేదు, ‘కాబట్టి’ని తెచ్చుకోలేదు. ఇవ్వడం, కొనడం, కొలవడం, పొయ్యడం లాంటి క్రియలూ మనవి మనకే ఉండిపోయాయి. అంత కాలం రాజభాషగా పక్కనే ఉన్న భాష మన సరుకుల పేర్లు మార్చగలిగింది గానీ వాక్యం నడకను మార్చలేకపోయింది.

ఇంగ్లీషుతో మొదట జరిగిందీ ఇదే. లైటు వేస్తాం, ఫ్యాను తిప్పుతాం, మోటారు కడతాం, బస్సు ఎక్కుతాం, టికెట్టు తీసుకుంటాం, ఫోను ఎత్తుతాం, కరెంటు బిల్లు కడతాం. ప్రతిచోటా పేరు ఇంగ్లీషుది, క్రియ తెలుగుది. ఇవి పండితులు దిద్దిన వాక్యాలు కావు, ఏ నిఘంటు సంఘమూ నిర్ణయించలేదు. మెట్టలో పొగాకు రైతు బ్యారన్ అంటాడు. ఆ మాటకు బదులు ఇంకొకటి పెడితే దేవరపల్లి నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఎవరికీ అర్థం కాదు. కానీ ఆ బ్యారన్‌లోకి ఆకు ఎక్కిస్తాడు, ఆకు కాలుస్తాడు, దించుతాడు, బేళ్లు కడతాడు. ‘బేలు’ అన్న ఇంగ్లీషు మాట బహువచనంలో ‘బేళ్లు’ అయింది చూడండి. రైలు రైళ్లయినట్టు, హోటలు హోటళ్లయినట్టు. ఒక మాట తెలుగు వ్యాకరణంలో ఎంత లోపలికి వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. చివర ఉకారం చేరిందా, బహువచనంలో రూపం మారిందా, విభక్తి అతుక్కుంటోందా అని చూస్తే చాలు. అలా లోపలికి వచ్చిన మాటను దిద్దుబాటు పేరుతో బయటికి నెట్టడం దిద్దుబాటు కాదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. రద్దు చేయడం, అమలు చేయడం, జమ చేయడం అని పరాయి మాటకు ‘చేయు’ తగిలించి క్రియ కట్టుకోవడం తెలుగుకు పాత అలవాటే కదా, మరి ‘చెక్ చేయండి’, ‘యాడ్ చేయండి’, ‘అప్లై చేయండి’ ఎందుకు తప్పు అని. వ్యాకరణపరంగా తప్పు లేదు, ఒప్పుకోవాల్సిందే. రద్దు, అమలు అన్నవి కచేరీ తెచ్చిన కొత్త పనులు. పని కొత్తది కాబట్టి దాని పేరు అలాగే వచ్చి ‘చేయు’ తగిలించుకుంది. పొగాకుకు గ్రేడింగ్ చేస్తారన్నా, రొయ్యలకు పీసీఆర్ చేయించారన్నా నేను అభ్యంతరం చెప్పను. అక్కడ పని తాలూకు పేరే ఇంగ్లీషులో పుట్టింది. ‘యాడ్ చేయండి’ సంగతి అలా కాదు. ఆ ఒక్క మాట కింద తెలుగులో విడివిడిగా ఉండే నాలుగైదు పనులు దాక్కుంటాయి. నీళ్లలో కలపడం, చెరువంతా చల్లడం, ఒక మూల పొయ్యడం, మేతకు పట్టించడం. ఈ నాలుగూ చెరువు దగ్గర ఒకటి కాదు. ‘చెక్ చేయండి’ కూడా అంతే. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ అయితే మీటరుతో కొలవాలి. చెక్ ట్రే అయితే లేపి, మేత మిగిలిందేమో, రొయ్య పేగు నిండుగా ఉందేమో చూడాలి. నీళ్ల శాంపిల్ అయితే ల్యాబ్‌కు పంపాలి. ‘చెక్ ట్రే చెక్ చేయండి’ అన్న చాట్ వాక్యంలో మొదటి ‘చెక్’ ఉండాలి, అది వస్తువు పేరు. రెండోది పోవాలి, అక్కడ ‘లేపి చూడండి’ అన్న పని ఉంది. ఒకే మాట, ఒకే వాక్యం, రెండు తీర్పులు. మాటను బట్టి కాక పనిని బట్టి తేల్చాలని నేననేది ఇందుకే.

ఇప్పుడు ఒక సందేశాన్ని తీసుకుని మొదట్నుంచి చివరిదాకా దిద్ది చూద్దాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, కొల్లేటి చెరువుల మీద రోజూ తిరిగే సందేశాల తీరును చూపించడానికి కూర్చినది.

```
anna 3rd pond lo DO lo undi morning. aerators anni on
chesam but prawns paina tirugutunnai. ninna lime apply
chesam. water colour marindi. feed aapala? count 60
```

మొదటి పని ఏ మాట ఏ భాషదో గుర్తు పెట్టుకోవడం. తేలికే అనిపిస్తుంది గానీ మొదటి వాక్యంలోనే lo రెండుసార్లు వచ్చింది. మొదటిది మన సప్తమి విభక్తి, ‘చెరువులో’. రెండోది ఇంగ్లీషు low, తొందరలో ఒక అక్షరం రాలిపోయింది. యంత్రంతో లిప్యంతరం చేయిస్తే ‘డీవోలో ఉంది’ అని వస్తుంది, చదివేవాడు ఏముందీ అని వెతుక్కుంటాడు. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. me అంటే ‘మీ’ కావచ్చు, to అంటే ‘తో’ కావచ్చు. అచ్చ తెలుగు మాటల్లోనూ రోమన్ లిపి తకారాన్నీ టకారాన్నీ, దకారాన్నీ డకారాన్నీ, హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ ఒకటి చేసేస్తుంది. padi అంటే పది కావచ్చు, పడి కావచ్చు. patti అంటే పత్తి కావచ్చు, పట్టి కావచ్చు. kallu అంటే కళ్లు, కాళ్లు, కల్లు, మూడింట్లో ఏదైనా కావచ్చు. రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు తయారుచేసుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న t తకారానికి, పెద్ద T టకారానికి అని కట్టుబాటు ఉండేది కాబట్టి ఈ గందరగోళం తక్కువ. ఫోన్లో ఎవరూ ఆ కట్టుబాటు పాటించరు. అందువల్ల మొదట చెయ్యాల్సింది ఉన్న సందేశాన్ని ఉన్నట్టుగా ఒక ప్రతి దాచుకోవడం. దిద్దినదాంట్లో అనుమానం వచ్చినప్పుడు వెనక్కి పోయి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

రెండో పని, పేర్లను విడదీయడం. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. ఇది మీటరు మీద కనిపించే కొలత. ‘ప్రాణవాయువు’ అని రాయొచ్చు గానీ మీటరు తెర మీద ఆ మాట ఉండదు. కాబట్టి మొదటిసారి వచ్చిన చోట తెలుగులో ఒకసారి విప్పి చెప్పి, ఆ తర్వాత డీవో అనే రాయాలి. ఏరేటర్ కొనే వస్తువు, ఉండాలి. దానికి ‘వాయుపూరక యంత్రం’ లాంటి మాట పుట్టించవచ్చు, కానీ ఆ పేరు చెప్పి భీమవరంలో ఏ దుకాణంలోనూ కొనలేం. ‘కౌంట్’ కచ్చితంగా ఉండాలి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క కౌంట్. 60 కౌంట్ అంటే కిలోకు అరవై. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. దాన్ని ‘సంఖ్య 60’ అని తెలుగు చేస్తే చెరువులో అరవై రొయ్యలే మిగిలాయని అర్థమొస్తుంది. పాండ్, ప్రాన్స్, వాటర్, ఫీడ్ అన్నవీ పేర్లే. కానీ వాటికి చెరువు, రొయ్యలు, నీళ్లు, మేత అన్న మాటలు అదే గట్టు మీద, అదే మనుషుల నోట రోజూ వినిపిస్తాయి. కొనుగోలులోగానీ కొలతలోగానీ ఏమీ పోదు కాబట్టి ఇవి తెలుగు కావాలి. ఇక్కడ పేరును ఉంచమన్న సూత్రానికి ఒక షరతు చేరుతోంది. తెలుగు పేరు వాడుకలో బతికి ఉండి, అదే వస్తువును అంతే కచ్చితంగా చూపిస్తే తెలుగు పేరే రాయాలి. ‘ఫీడ్ మిల్లు’ అన్న చోట మాత్రం ఫీడ్‌ను కదపకూడదు, అది సంస్థ పేరులో భాగం.

మూడో పనికి వచ్చేసరికి దిద్దేవాడు కలం కింద పెట్టి ఫోను ఎత్తాల్సి వస్తుంది. మార్నింగ్ అంటే ఎప్పుడు? నీళ్లలోని పచ్చటి సూక్ష్మజీవులు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. నాలుగున్నరకు 3 ఉండటం వేరు, ఎనిమిదింటికి 3 ఉండటం వేరు. రెండోది చాలా ప్రమాదం. మార్నింగ్ రెంటినీ కప్పేస్తుంది. తెలుగులో రాద్దామంటే తెల్లవారుజామునా, పొద్దునా అన్నది తేల్చుకోక తప్పదు. ‘లో ఉంది’ అంటే ఎంత ఉంది? లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండేట్టు చూసుకోవాలని, 3కి దిగితే మేత ఆపాలని సాధారణంగా చెబుతారు కాబట్టి అంకె లేకుండా ఆ వాక్యానికి విలువ లేదు. నీళ్ల రంగు ఏ రంగు నుంచి ఏ రంగుకు మారింది? పచ్చదనం ఉన్నట్టుండి విరిగిపోయి గోధుమ రంగుకు తిరిగితే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోయాయని, కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్‌నూ తినేస్తాయని అనుమానించాలి. ఈ ప్రశ్నలకు జవాబు దిద్దేవాడు ఊహించకూడదు. రాసినవాణ్ణి అడగాలి. అడగడానికి వీల్లేకపోతే ‘వేళ చెప్పలేదు’, ‘అంకె ఇవ్వలేదు’ అని రాయాలే తప్ప కల్పించి నింపకూడదు.

ఇక ఆ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన రెండు మాటలు, ‘లైమ్ అప్లై’. లైమ్ అంటే సున్నం, అందరికీ తెలిసిన తెలుగు మాట, మార్చేద్దాం అనిపిస్తుంది. నిజానికి ఇక్కడే ఇంగ్లీషు మాటను ఉంచాలి, అదీ పూర్తిగా. చెరువు వాళ్లు లైమ్ అన్నప్పుడు అగ్రి లైమ్ కావచ్చు, డోలమైట్ కావచ్చు, కాల్చిన సున్నం కావచ్చు, తడిపిన పొడి సున్నం కావచ్చు. అగ్రి లైమ్ అంటే కాల్షియం కార్బొనేట్, మెత్తగా దంచిన సున్నపురాయి. అది నీళ్ల పీహెచ్‌ను సుమారు 8.3 దాటనివ్వదు. కాల్చిన సున్నం, పొడి సున్నం అలా కాదు, పీహెచ్‌ను 10 దాకా, ఆ పైకి కూడా లేపగలవు. పీహెచ్ పెరిగేకొద్దీ నీళ్లలోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. 8 దగ్గర ఉన్నప్పటికంటే 9 దగ్గర అది కొన్ని రెట్లు ఎక్కువ. తెలుగు ఇంట్లో సున్నం అంటే గోడకు వేసేది, తాంబూలానికి రాసేది. అంటే కాల్చి తడిపిన సున్నమే. ‘సున్నం చల్లండి’ అని అచ్చ తెలుగులో ముచ్చటగా రాసిన కాగితం చదివి ఒక మనిషి గోడ సున్నం తెచ్చి రొయ్యలున్న చెరువులో చల్లితే ఆ తప్పు ఎవరిది? సంచీ మీద అచ్చయిన పేరే రాయాలి, అగ్రి లైమ్ అని. ‘అప్లై చేశాం’ను మాత్రం విప్పి తీరాలి. పొడిగా చల్లారా, నీళ్లలో కలిపి చల్లారా, ఎకరానికి ఎన్ని కిలోలు, పొద్దున్నా సాయంత్రమా. పేరు ఇంగ్లీషులో నిలబెట్టి, పని తెలుగులో విప్పడం అంటే ఇదే. ఈ ఒక్క వాక్యంలో సూత్రం రెండు సగాలూ కనిపిస్తాయి.

అడిగి తెలుసుకున్న వివరాలతో ఆ సందేశం ఇలా అవుతుంది. “అన్నా, మూడో చెరువులో తెల్లవారుజామున నాలుగున్నరకి డీవో 2.8 ఉంది. ఏరేటర్లన్నీ వేశాం, అయినా రొయ్యలు పైకొచ్చి తిరుగుతున్నాయి. నిన్న సాయంత్రం అగ్రి లైమ్ నీళ్లలో కలిపి చల్లాం. నీళ్ల రంగు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి మారింది. మేత ఆపాలా? రొయ్య 60 కౌంట్‌లో ఉంది.” ఇందులో ఇంగ్లీషు మాటలు నాలుగే మిగిలాయి. నాలుగూ పేర్లే. ‘అన్నా’ను నేను ‘అయ్యా’ చెయ్యలేదు. ‘నాలుగున్నరకి’ అన్న మాటను ‘గంటలు నాలుగున్నరకు’ అని సాగదీయలేదు. మనిషి గొంతు మనిషికే ఉండాలి. ‘బట్’ పోయి ‘అయినా’ వచ్చిన చోట మాత్రం కొంచెం ఆగి చూడండి. చాట్‌లో బట్ అన్ని అతుకులకూ ఒకటే మాట. తెలుగు ‘కానీ’, ‘అయినా’, ‘మరి’, ‘తీరా’ అని విడదీస్తుంది. ఏరేటర్లు వేసినా ఫలితం లేకపోయిందన్న సంగతి ‘అయినా’లో ఉంది. సలహా చెప్పేవాడికి అదే ముఖ్యం.

ఇదంతా కంప్యూటర్లో వెతికి మార్చే ఆజ్ఞతో అయిపోతుంది కదా, ఫీడ్ అన్న చోటల్లా మేత, వాటర్ అన్న చోటల్లా నీళ్లు అని మారిస్తే సరిపోదా అని అడగొచ్చు. పోదు, ఎందుకంటే తెలుగు పేరు వచ్చి కూర్చోగానే చుట్టూ ఉన్న వాక్యం కదులుతుంది. ‘వాటర్ ఉంది’లో మాట మారిస్తే ‘నీళ్లు ఉంది’ అవుతుంది, తెలుగులో నీళ్లు ‘ఉన్నాయి’ అనాలి. ‘మిల్క్ వచ్చింది’ కాస్తా ‘పాలు వచ్చాయి’ కావాలి. ‘వాటర్‌లో’ అన్నది ‘నీళ్లులో’ కాదు, ‘నీళ్లలో’. ‘హౌస్‌లో’ అన్నది ‘ఇల్లులో’ కాదు, ‘ఇంట్లో’. ‘విలేజ్‌లో’ అన్నది ‘ఊరులో’ కాదు, ‘ఊళ్లో’. ఇంగ్లీషు మాట విభక్తి ముందు బిగుసుకుని నిలబడుతుంది, తెలుగు మాట వంగుతుంది. ఆ వంపులు యంత్రపు పట్టీలో ఉండవు. ఇంకా పెద్ద తప్పులు కూడా జరుగుతాయి. సీడ్ అంటే విత్తనం అని పట్టీలో రాసి పెడితే వరి గురించిన వ్యాసం చక్కగా వస్తుంది, అదే పట్టీతో రొయ్యల వ్యాసం దిద్దితే హ్యాచరీ నుంచి తెచ్చి చెరువులో ‘విత్తనాలు’ వదులుతారు. రొయ్యకు ‘పిల్ల’ అంటారు, ‘పిల్ల వదిలాం’ అంటారు, ‘సీడు వదిలాం’ అనీ అంటారు. ఏదో ఒకటి ఎంచుకుని కాగితం చివరిదాకా అదే రాయాలి. పామాయిల్‌లో బంచ్ అన్న చోట ‘గెల’ రాయాలి, రైతు నోట ఉన్నది అదే. కానీ ఓఈఆర్, అంటే గెలల బరువులో నూనె ఎంత శాతం దిగిందో ఆ లెక్క, ఓఈఆర్‌గానే ఉండాలి. ఫ్యాక్టరీతో ధర మాట్లాడేటప్పుడు రైతు వాడేది అదే మాట, వాదించేది దాని మీదే. ఆ అక్షరాలు తీసేస్తే రైతు చేతిలో ఉన్న ఆధారాన్ని తీసేసినట్టే.

ఉంచిన ఇంగ్లీషు పేర్ల విషయంలో చాలామంది పట్టించుకోనిది రాత. ఏరేటర్, ఎయిరేటర్, ఏరియేటర్ అని ఒకే కాగితంలో మూడు రకాలుగా వస్తే చదివేవాడు మూడు యంత్రాలనుకుంటాడు. బ్యాంకు, బాంకు, బ్యాంక్ కూడా అంతే. బ్యాంకు మాటలో ఉన్న ఇంగ్లీషు అచ్చుకు తెలుగులో అక్షరం లేదు కాబట్టి ఏది సరి అన్న వాదం తెగదు. ఒకటి ఎంచుకుని కట్టుబడటమే మార్గం. ఎంచుకోవడానికి నేను వాడే కొలబద్ద ముందు చెప్పినదే. బాగా లోపలికి వచ్చిన మాటకు ఉకారం ఇస్తాను, బ్యాంకు, బిల్లు, మోటారు. ఇంకా గుమ్మంలో ఉన్న మాటను హల్లుతో ఆపుతాను, ఏరేటర్, కౌంట్. అలా ఆపిన మాటకు విభక్తి చేరిస్తే ఇంకో చిక్కు ఉంది. ‘కౌంట్‌లో’ అని రాయాలంటే ట్ తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం వెయ్యాలి, యూనికోడ్‌లో దాని సంఖ్య U+200C. అది వెయ్యకపోతే ట్, లో కలిసి ఒత్తక్షరమై ‘కౌంట్లో’ అవుతుంది. రెండూ చదవొచ్చు. కానీ కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ‘సాఫ్ట్‌వేర్’ అని వెతికితే ‘సాఫ్ట్వేర్’ అని రాసిన చోట్లు దొరకకపోవచ్చు. ఒక పేజీలో పది చోట్ల దిద్ది, అంతా అయిపోయిందనుకుంటే, సంకేతం లేని చోట్లు మిగిలిపోయి ఉండొచ్చు. అందుకే పెద్ద వ్యాసం దిద్దేవాళ్లు మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద మాటల పట్టీ రాసుకోవాలి. ఏ పేరు ఉంచుతున్నాం, దాని రాత ఏది, బహువచనం ఏది, విభక్తితో ఎలా ఉంటుంది. చివర రెండు రూపాలతోనూ వెతికి చూసుకోవాలి.

పట్టీ రాసుకునేటప్పుడు ఎక్కడ వెతకాలన్నదానికి మనకో గొప్ప ఆధారం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. జిల్లా జిల్లాకూ తిరిగి, పని చేసే రైతుల నోట విన్న మాటలు అందులో చేర్చారు. కొత్త మాట పుట్టించాలన్న ఆవేశం వచ్చినప్పుడల్లా ముందు అది తెరవాలి. నాగలికి, కాలువకు, కుప్పకు, నూర్పుకు సంబంధించి మనం ఇంగ్లీషులో చెబుతున్నవాటిలో ఎన్నింటికో అక్కడ మాట దొరుకుతుంది. కానీ దాని హద్దూ స్పష్టమే. వనామి రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. దాని ఏరేటర్లూ చెక్ ట్రేలూ ప్రోబయోటిక్‌లూ ఆ పుస్తకంలో ఉండే వీలే లేదు. ఆ పని ఏ మాటలతో వచ్చిందో ఆ మాటలు ఆ పని వాళ్ల సొంతం అయిపోయాయి. గిడుగు రామమూర్తి గారు గ్రాంథికవాదులతో తలపడి, జనం మాట్లాడే భాషకు రాతలో చోటు అడిగినప్పుడు ఆయన వెనక ఉన్న న్యాయం ఇదే. ఆయన పేరు చెప్పి ఇంగ్లీషు కలిసినదంతా ఉంచేద్దామనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆయన వాదించింది మాట్లాడే తెలుగు కోసం. మాట్లాడేటప్పుడు గట్టు మీద ఎవరూ ‘లైమ్ అప్లై చేశాం’ అనరు, ‘లైమ్ చల్లాం’ అంటారు. ‘అప్లై’ వచ్చింది సంచీ మీది ఇంగ్లీషు చదివి, టైపు చేసే తొందరలో. చాట్ భాషే మాట్లాడే భాష అనుకోవడం పొరపాటు. చాలా సందర్భాల్లో దిద్దడమంటే చాట్ నుంచి నోటిమాటకు తిరిగి వెళ్లడమే.

చివరిగా ఒక చిక్కు కేసు మిగిలింది, రోగాల పేర్లు. ‘ప్రాన్స్‌కి వైట్ స్పాట్ వచ్చింది’ అన్న సందేశం తీసుకోండి. తెలుగులో తెల్లమచ్చల వ్యాధి అన్న పేరు పత్రికల్లో ఉంది, రాయొచ్చు. కానీ అంతకుముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రైతు కంటితో మచ్చలు చూశాడా, ల్యాబ్‌లో పీసీఆర్ చేయిస్తే వైరస్ ఉన్నట్టు తేలిందా? పెంకు మీద తెల్లటి మచ్చలు వైరస్ వల్లే రావు. బ్యాక్టీరియా వల్ల వస్తాయి, పీహెచ్ బాగా పెరిగిన నీళ్లలోనూ రావచ్చు. చాట్ మాట కంటికి కనిపించినదాన్నీ ల్యాబ్ చెప్పినదాన్నీ ఒకటి చేసేస్తుంది. కాబట్టి కన్ను చూసినది తెలుగులో రాయాలి, ‘పెంకు మీద తెల్లటి మచ్చలు కనిపించాయి’ అని. ల్యాబ్ చెప్పినది ల్యాబ్ పెట్టిన పేరుతో రాయాలి, ‘పీసీఆర్‌లో వైట్ స్పాట్ వచ్చింది’ అని. పక్క చెరువు రైతు ఆ కాగితం చదివి ఇవాళ రాత్రే పట్టుబడి చెయ్యాలా, రెండు రోజులు ఆగి తనూ శాంపిల్ పంపాలా అన్నది ఈ రెండు వాక్యాల్లో ఏది అచ్చయిందన్నదాని మీద ఉంటుంది.